డాలస్‌లో శుక్రవారం, విజయవాడలో శనివారం

అమెరికాలోని తెలుగు పిల్లలకు ఇక్కడినుంచే ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పే టీచర్లు చాలామంది ఉన్నారు. ఎవరైనా కొత్తగా అడిగితే ముందు ఒక డెమో క్లాసు ఉచితంగా చెప్తారు. ఆ అరగంట సవ్యంగా సాగడానికి పునాది అంతకు ముందు తల్లికో తండ్రికో వెళ్లే మెయిల్‌లోనే పడుతుంది. టైము అర్థమయ్యేలా రాయకపోతే ఇక్కడ టీచరు ఎదురుచూస్తుంటే అక్కడ పాప నిద్రపోతుంటుంది. ఏమేం కావాలో చెప్పకపోతే సగం క్లాసు ‘వినిపిస్తోందా అండీ’ అనుకోవడంతోనే అయిపోతుంది.

డాలస్‌లో ఉన్న ఒక తల్లి తన ఎనిమిదేళ్ల పాపకు గాత్రం నేర్పమని విజయవాడలోని టీచరును అడిగారనుకుందాం. 2026 అక్టోబరులో ఆ టీచరు రాసే మెయిల్ ఇలా ఉంటే బాగుంటుంది:

‘నమస్కారమండీ. పాపకు గాత్రం నేర్పించాలని ఉందని రాశారు, సంతోషం. చేర్చే ముందు ఒక అరగంట డెమో క్లాసు పెట్టుకుందాం. దీనికి ఫీజు ఏమీ లేదు. ఈ మూడింటిలో మీకు వీలైనది చెప్పండి.

ఒకటి: అక్టోబరు 23 శుక్రవారం, మీకు సాయంత్రం 7:00. మాకు 24 శనివారం తెల్లవారి 5:30.
రెండు: అక్టోబరు 24 శనివారం, మీకు ఉదయం 8:30. మాకు అదే రోజు రాత్రి 7:00.
మూడు: అక్టోబరు 25 ఆదివారం, మీకు ఉదయం 9:00. మాకు అదే రోజు రాత్రి 7:30.

క్లాసు జూమ్‌లో ఉంటుంది. లింకు మీ మెయిల్‌కే పంపుతాను. ల్యాప్‌టాప్ గానీ ట్యాబ్ గానీ, వైరున్న ఇయర్‌ఫోన్స్, తంబురా యాప్ పెట్టుకోవడానికి ఇంకో ఫోను సిద్ధంగా ఉంచండి. పాప తాళం వేసే చెయ్యి కెమెరాలో కనిపించేలా కూర్చోబెట్టండి. భోజనం ఒక గంట ముందే అయిపోతే మంచిది. మీరు కూడా అదే గదిలో ఉండండి. ముందుగా ఏమీ నేర్చుకుని రానక్కర్లేదు.

పాప ఇంతకు ముందు ఎక్కడైనా నేర్చుకుందా, తెలుగు చదవగలదా, తనంతట తాను పాడుకునే పాట ఏదైనా ఉందా, ఈ మూడూ రాయండి. జలుబు చేస్తే చెప్పండి, ఇంకో రోజు పెట్టుకుందాం. 21 బుధవారం లోపల జవాబిస్తే మీరు కోరిన టైము మీకే ఉంచుతాను.’

ఇందులో మొదట చూడాల్సింది టైములు రాసిన తీరు. ముందు తల్లి గడియారం, తర్వాత టీచరు గడియారం, రెండు చోట్లా వారం పేరు. ‘శనివారం 5:30’ అని ఊరుకుంటే డాలస్‌లో వాళ్లు దాన్ని తమ శనివారం సాయంత్రమనుకుంటారు. టీచరు ఉద్దేశం మాత్రం అక్కడి శుక్రవారం రాత్రి. అక్టోబరులో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అందుకే అక్కడ బడి నుంచి వచ్చి అల్పాహారం తినే వేళకు ఇక్కడ తెల్లవారదు. రెండు ఇళ్లలోనూ మెలకువగా, తీరిగ్గా ఉండే సమయాలు కొద్దే. స్లాట్లు మూడే ఇవ్వడానికి కారణం అదే. ‘మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే’ అని రాస్తే మెయిళ్లు అటూ ఇటూ తిరగడమే మిగులుతుంది.

కావలసిన వస్తువుల వెనక అసలు కథ జూమ్‌ది. ఆ సాఫ్ట్‌వేరు మాటల కోసం తయారైంది. ఆగకుండా ఒకే తీరులో వచ్చే శబ్దాన్ని ఫ్యాను మోతగా లెక్కగట్టి తగ్గించేస్తుంది. తంబురా నాదం సరిగ్గా అలాంటిదే. పాప దీర్ఘంగా పట్టే ‘సా’ కూడా అలాంటిదే. అటువైపు పిల్ల గుక్క పట్టి పాడుతూనే ఉంటుంది, ఇటు టీచరుకు రెండో క్షణానికే గొంతు సన్నగిల్లిపోతుంది. పాపకు ఊపిరి నిలవడం లేదని టీచరు పొరబడే ప్రమాదం ఉంది. తేడా పట్టుకోవాలంటే ముఖం చూడాలి. నోరు ఇంకా తెరిచే ఉండి శబ్దం మాత్రం ఆగిపోతే తప్పు సాఫ్ట్‌వేరుది. జూమ్ ఆడియో సెట్టింగుల్లో `Original sound for musicians` అనేది ఎంచుకుని, క్లాసు మొదలయ్యాక తెర మీద దాన్ని ఆన్ చేస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. అయితే అది ఆన్‌లో ఉన్నప్పుడు స్పీకర్లు వాడితే టీచరు గొంతు తిరిగి టీచరుకే ప్రతిధ్వనిస్తుంది. ఇయర్‌ఫోన్స్ అడిగింది అందుకే. వైరున్నవే అడగడానికి కారణం, బ్లూటూత్‌వి శబ్దాన్ని ఇంకొంచెం ఆలస్యం చేస్తాయి, మైకు పనిచేస్తున్నప్పుడు నాణ్యతనూ తగ్గిస్తాయి. వాటిని ఒక చెవికే పెట్టుకుంటే పక్కన రెండో ఫోనులో మోగే తంబురా కూడా పాపకు చక్కగా వినిపిస్తుంది.

ఏ సెట్టింగు మార్చినా పోనిది ఆలస్యం. విజయవాడ నుంచి డాలస్‌కు గొంతు వెళ్లి రావడానికి పట్టే ఆ కాస్త వ్యవధిలో తాళం తప్పుతుంది. టీచరు తాళం వేస్తుంటే పాప కలిసి పాడితే, పాప ఎంత సరిగా పాడినా ఇక్కడ వెనకబడినట్టే వినిపిస్తుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో ఇద్దరూ కలిసి పాడరు. టీచరు ఒక వరస పాడి ఆగుతారు, పాప తన తాళం తానే వేసుకుంటూ తిరిగి పాడుతుంది. ఆదితాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఆ ఎనిమిది క్రియలూ టీచరు కంటితో చూసుకోవాలి. చెయ్యి కనిపించేలా కూర్చోబెట్టమన్నది దీనికోసం.

డెమోలో మొదటి అయిదు నిమిషాలు కబుర్లు. తర్వాతి పది నిమిషాలూ పాప శ్రుతి కనుక్కోవడానికి. ఆడపిల్లలకు సాధారణంగా అయిదు శ్రుతి దగ్గర మొదలుపెట్టి చూస్తారు. పై షడ్జానికి వెళ్లేటప్పుడు గడ్డం పైకి లేచి మెడ బిగిస్తే శ్రుతి ఎక్కువైనట్టు. కింది పంచమం వట్టి గాలిలా పోతే తక్కువైనట్టు. శ్రుతి కుదిరాక మాయామాళవగౌళలో మొదటి సరళీ వరస, ఒకే కాలంలో, నెమ్మదిగా. పాప తెలుగు చదవగలదా అని అడిగింది ఇక్కడ అక్కరకొస్తుంది. చదవలేకపోతే స్వరాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూపించాలి, లేదంటే విని పలికేలా చెప్పాలి. చివరి అయిదు నిమిషాలు తల్లితో. వారానికి ఎన్ని క్లాసులు, ఫీజు ఎంత, ఇంట్లో సాధన ఎంతసేపు అన్నవి అడగడానికి ఆమెకు అదే సమయం.

మెయిల్ చూసుకునే తల్లిదండ్రులు కూడా కొన్ని గమనించాలి. ఉచితమని చెప్పిన క్లాసుకు కార్డు వివరాలు అడగకూడదు. లింకు పిల్లల పేరున కాక పెద్దల మెయిల్‌కు రావాలి. పెద్దలు గదిలో ఉండడానికి టీచరు అభ్యంతరం చెప్పకూడదు. క్లాసు రికార్డు చేసే ఉద్దేశం ఉంటే ముందే అడిగి ఒప్పుకోలు తీసుకోవాలి.

పాప చేరాలని నిర్ణయమైతే టీచరు ఇంకో మెయిల్ రాయాలి, ఎందుకంటే డెమో కుదిరిన వారం తర్వాతే గడియారం మారుతుంది. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం, 2026లో అయితే 1వ తేదీ, గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి డాలస్‌కూ మనకూ తేడా పదకొండున్నర గంటలు. డాలస్ సాయంత్రం 7 గంటల క్లాసు విజయవాడలో తెల్లవారి 5:30కి కాకుండా 6:30కి వస్తుంది. మళ్లీ మార్చి రెండో ఆదివారం నుంచి పాత లెక్కే. ఫీనిక్స్‌లో ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు, ఆరిజోనాలో చాలాచోట్ల గడియారం మార్చరు. అందువల్ల ఆ రెండో మెయిల్‌లో వారపు క్లాసు ఎవరి గడియారం ప్రకారం నడుస్తుందో ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి: ‘క్లాసు ఎప్పుడూ మీ శుక్రవారం సాయంత్రం 7:00కే, నవంబరు 1 తర్వాత నేనే ఒక గంట జరుపుకుంటాను.’