చికెన్ సప్లయర్‌కి మార్కులేద్దామా?

ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ పెట్టారనుకుందాం. ఒకరిది వంట, ఇంకొకరివి లెక్కలు. రోజూ చికెన్ వేస్తామని ముగ్గురు సప్లయర్లు వచ్చారు. ఎవరికి ఓకే చెప్పాలి? నోటి మాట మీద తేలిస్తే గొంతు పెద్దదైనవాళ్లదే గెలుపు. అందుకే మార్కులేసి చూడాలి.

ముందు వడపోత. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ లేనివాళ్లని లిస్టులోంచి తీసేయండి. దీనికి మార్కులు పెట్టారంటే, రేటు తక్కువన్న మార్కులు ఆ లోటుని కప్పేస్తాయి. మిగిలినవాళ్లని ధర, క్వాలిటీ, టైమ్, అప్పు అనే నాలుగింటి మీద చూద్దాం. ‘టైమ్’ ఉండగా మళ్లీ ‘నమ్మకం’ అని ఇంకోటి పెట్టకండి. ఆలస్యానికి రెండుసార్లు మార్కులు కోసినట్టవుతుంది.

ఇప్పుడు దేనికెంత వెయిటేజీ? రేట్లు చేతికి రాకముందే, ఇద్దరూ విడివిడిగా 100 పాయింట్లు పంచాలి. రేట్లు చూశాక పంచితే, మనసులో ఉన్నవాళ్లు గెలిచేలా అంకెలు సర్దేస్తాం. వంట చూసేవాళ్లు ధరకి 20, క్వాలిటీకి 40, టైమ్‌కి 30, అప్పుకి 10 రాశారు. లెక్కలవాళ్లు 50, 20, 20, 10 అన్నారు. సగటు తీస్తే 35, 30, 25, 10.

తర్వాత రేట్లు తెరిచారు. కిలో 200, 220, 250 రూపాయలు. తక్కువ రేటుని ఒక్కొక్కరి రేటుతో భాగించి పదితో గుణిస్తే ధర మార్కులు 10, 9.1, 8. పది రోజుల ట్రయల్ చూసి మిగతావి వేశారు. ధర, క్వాలిటీ, టైమ్, అప్పు వరసలో:

మొదటివాళ్లు: 10, 6, 5, 10
రెండోవాళ్లు: 9.1, 8, 8, 5
మూడోవాళ్లు: 8, 9, 9, 0

ప్రతి మార్కునీ దాని వెయిటేజీతో గుణించి, కూడి, 100తో భాగిస్తే 7.55, 8.09, 7.75. రెండోవాళ్లు గెలిచారు. ఎవరి వెయిటేజీతో వాళ్లు విడిగా లెక్కేసినా వాళ్లే ముందు. కాకపోతే వంటవాళ్ల లెక్కలో 7.92, 7.90 తేడానే. అంటే దాదాపు టై. అలాంటప్పుడు క్వాలిటీ మార్కులు ఇంకోసారి చూసుకోవాలి.

అసలు మెలిక ధర మార్కుల్లో ఉంది. ‘తక్కువ రేటుకి 10, ఎక్కువ రేటుకి 0, మధ్యవాళ్లకి దామాషాగా’ అని వేస్తే అవి 10, 6, 0 అవుతాయి. అప్పుడు మొత్తం 7.55, 7.00, 4.95. మొదటివాళ్లు గెలిచేస్తారు! వెయిటేజీ ఎవరూ ముట్టుకోలేదు. కిలోకి 20 రూపాయలు, అంటే పది శాతం తేడాకి నాలుగు మార్కులు పోయాయి, అంతే.

అందుకే వెయిటేజీతో పాటు మార్కులేసే ఫార్ములా కూడా రేట్లు తెరవకముందే రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. తర్వాత ఎవరైనా “ఫార్ములా మారుద్దాం” అంటే, ఎవరిని గెలిపించడానికో అడగండి.