సిస్టర్ల రాత్రుల పద్దు

పగటి షిఫ్టు 6 గంటలు, నైట్ 12 గంటలు ఉండే వార్డును ఊహించుకుందాం. నెలలో ఒక నర్సు 4 నైట్లు, 20 పగటి డ్యూటీలు చేసింది; మరొకామె 8 నైట్లు, 12 పగటి డ్యూటీలు. ఇద్దరికీ 168 గంటలే! అందుకే పద్దులో నైట్లకు, శని, ఆదివారాలకు వేరే గడులుండాలి.

రాయాల్సింది రోస్టరు చూసి కాదు, హాజరు పట్టీ చూసి. సెలవు పెట్టినవారి బదులు వచ్చినవారి పేరిటే ఆ రాత్రి పడాలి. ఈ సర్దుబాట్లే ఫోన్ చేస్తే కాదనలేనివారి మీద పేరుకుపోతాయి.

నెల మారినా మొత్తాలు కొనసాగాలి. మూడు నెలల్లో ఎవరికైనా మిగతావారికంటే నాలుగైదు నైట్లు ఎక్కువైతే, ఆమె అడగకముందే ఇన్‌చార్జి సిస్టర్ వచ్చే రోస్టరులో తగ్గించవచ్చు. పోలిక మాత్రం పనిచేసిన రోజులను బట్టే ఉండాలి. లేదంటే ప్రసూతి సెలవు ముగించుకొచ్చినామెకు వరుసగా రాత్రులే పడతాయి.