మార్చి 31కి ముందు వచ్చే బిల్లుల గడువు

మన దేశంలో కంపెనీల లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. అందుకే మార్చిలో అకౌంట్స్ విభాగం సరఫరాదారులకు, కాంట్రాక్టర్లకు ఒక నోటీసు పంపుతుంది. పెండింగ్ బిల్లులన్నీ ఫలానా తేదీలోగా, ఉదాహరణకు 25లోగా, అందాలని అందులో ఉంటుంది. బిల్లు అందగానే లెక్కల్లోకి ఎక్కదు. దాన్ని పర్చేజ్ ఆర్డరుతోనూ, సరుకు ముట్టినట్టు స్టోర్స్ ఇచ్చిన రసీదుతోనూ సరిచూడాలి. రేటులోనో పరిమాణంలోనో తేడా ఉంటే వెనక్కి పంపి దిద్దించాలి. ఆ చివరి రోజులు ఈ పనికే.

అయితే ఖర్చు ఏ సంవత్సరానిదో తేల్చేది బిల్లు తేదీ కాదు, పని పూర్తయిన తేదీ. ఒక కాంట్రాక్టు సంస్థ మార్చి 28న ఒక ఆఫీసులో ఏసీల మరమ్మతు ముగించిందనుకుందాం. పని విలువ 80,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 14,400. బిల్లు ఏప్రిల్ 20న వచ్చింది. సేవ ముగిసిన 30 రోజుల్లోగా బిల్లు ఇవ్వవచ్చు కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ ఖర్చు మాత్రం మార్చిదే. అందుకని కంపెనీ మార్చి 31 నాటికే 80,000కు 'ప్రొవిజన్' రాసుకుంటుంది. జీఎస్టీని తర్వాత క్రెడిట్‌గా తీసుకునే వీలుంటే దాన్ని ఖర్చులో కలపదు. కాంట్రాక్టు సంస్థ పేరిట బాకీ రాశారు కనుక 2 శాతం టీడీఎస్, అంటే 1,600 రూపాయలు, అప్పుడే మినహాయించి ఏప్రిల్ 30లోగా కట్టాలి.

ఆ పని జరిగిందని అకౌంట్స్ వారికి తెలియకపోతేనే చిక్కు. ఖర్చు కొత్త సంవత్సరంలో పడి, పాత సంవత్సరం లాభం 80,000 ఎక్కువగా కనిపిస్తుంది. ఇంకో పొరపాటూ తరచుగా జరుగుతుంది. ప్రొవిజన్ ఉన్న సంగతి మరిచి, ఏప్రిల్‌లో వచ్చిన బిల్లును మళ్లీ కొత్త ఖర్చుగా రాస్తారు. పాత ప్రొవిజన్ నెలల తరబడి కదలకుండా ఉంటే అనుమానించాల్సింది దీన్నే. ఇక గడువు అందుకోవాలన్న తొందరలో, రాని సరుకుకు మార్చి తేదీతో బిల్లు పంపేవారూ ఉంటారు. ఇది పొరపాటు కాదు, తప్పుడు లెక్క. ఆడిటర్లు సంవత్సరాంతానికి అటూ ఇటూ ఉన్న బిల్లులను తీసి గేటు రిజిస్టరుతో పోల్చినప్పుడు బయటపడుతుంది.

గడువు దాటినంత మాత్రాన సరఫరాదారుకు రావలసిన సొమ్ము రద్దు కాదు. చెల్లింపు ఆలస్యం కావచ్చు. బిల్లు సిద్ధంగా లేనివారు పర్చేజ్ ఆర్డరు నంబరు, పని ముగిసిన తేదీ, జీఎస్టీ కాకుండా మొత్తం రాసి గడువులోగా ఒక మెయిల్ పంపాలి. ప్రొవిజన్ రాయడానికి ఆ మూడు వివరాలు చాలు.