నాలుక మీద గాడి: స, శ ఎక్కడ విడిపోతాయి

‘చలి’ అనండి. మొదటి అక్షరాన్ని కాస్త సాగదీసి అనండి. నాలుక పై పళ్ల వెనక ఆనుకుని, వదలగానే సన్నగా ‘స్స్’ వినిపిస్తుంది. ఇప్పుడు ‘చిలక’ను అలాగే సాగదీయండి. ఈసారి నాలుక వదిలాక వచ్చేది ‘శ్శ్’. రాతలో రెండూ ఒకే చ. కొన్ని నిఘంటువులు మొదటిదాన్ని ౘ అని వేరుగా అచ్చువేస్తాయి. మనం మామూలుగా ఆ తేడా రాయం, అయినా అచ్చ తెలుగు మాటల్లో అ, ఉ, ఒల ముందు ఒకటి, ఇ, ఎల ముందు మరొకటి మన నోట తప్పకుండా పలుకుతాయి. చాప, చేప అని ఒకదాని వెంట ఒకటి అని చూడండి. అంటే స, శలకు కావలసిన రెండు నాలుక భంగిమలూ దాదాపు ప్రతి తెలుగు నోటిలోనూ ఉన్నాయి.

స దంత్యమనీ, శ తాలవ్యమనీ బడిలో చదువుకున్నాం. అది నిజమే కానీ సగమే. ఆ పేర్లు గాలి ఎక్కడ ఇరుకున పడుతుందో చెబుతాయి, ఆ ఇరుకు ఏ ఆకారంలో ఉందో చెప్పవు. ఈ ఊష్మాల విషయంలో ఆకారానికి చోటుకున్నంత పని ఉంది.

ముందు స సంగతి చూద్దాం. స పలికేటప్పుడు నాలుక రెండు అంచులూ పైకి లేచి, ఇరుపక్కలా పై దవడ పళ్లకు ఆనుకుని గాలిని మూసేస్తాయి. మధ్యలో మాత్రం సన్నటి గాడి మిగులుతుంది. పై పళ్ల వెనకున్న చిగురు గట్టు దగ్గర ఆ గాడి బాగా ఇరుకై, దాదాపు 10 చదరపు మిల్లీమీటర్ల సందు అవుతుంది. నీళ్ల పైపు కొసను బొటనవేలితో నొక్కితే ధార ఎలా దూసుకొస్తుందో గాలి కూడా ఆ సందులోంచి అలాగే దూసుకొచ్చి ముందు పళ్ల అంచులను కొడుతుంది. చెవికి సోకే చప్పుడులో ఎక్కువ భాగం పుట్టేది ఆ దెబ్బ దగ్గరే, సందులో కాదు. ఆరేడేళ్ల పిల్లలకు ముందు పాలపళ్లు ఊడినప్పుడు స చెదిరిపోవడానికి కారణం ఇదే. నాలుక తన పని తాను చేస్తూనే ఉంటుంది, ధారకు అడ్డం లేకుండా పోతుంది.

ఆ గాడిని కళ్లతో చూడలేం కానీ తెలుసుకోవచ్చు. స్స్ అంటూ మధ్యలో ఆపండి. నాలుకను కదల్చకుండా అదే భంగిమలో గాలిని లోపలికి పీల్చండి. నాలుక ముందు భాగంలో, నడిమధ్యన, ఒక సన్నటి చోట చల్లగా తగులుతుంది. గాడి అక్కడే ఉంది. ఇప్పుడు శ్శ్ అని ఆపి అలాగే పీల్చండి. చల్లదనం కాస్త వెనక్కి జరిగి వెడల్పుగా పరుచుకుంటుంది. శకు కూడా అంచులు మూసుకునే ఉంటాయి, నడిమి దారి మాత్రం వెడల్పై, లోతు తగ్గుతుంది. ఇరుకు చిగురు గట్టు వెనక్కి జరుగుతుంది. నాలుక నడుము ‘ఇ’ పలికేటప్పటిలా అంగిలి వైపు ఉబ్బుతుంది.

ఈ మార్పు చెవికి ఎందుకంత తెలుస్తుంది? ఇరుకుకూ పెదవులకూ మధ్య ఉన్న ఖాళీ చోటు ఏ ధ్వని మోగాలో ఎంచుతుంది. స్థూలంగా లెక్క ఇది: ధ్వని వేగాన్ని ఆ చోటు పొడవుకు నాలుగు రెట్లతో భాగించాలి. వెచ్చటి గాలిలో ధ్వని సెకనుకు సుమారు 35,000 సెంటీమీటర్లు పోతుంది. సలో ముందు చోటు ఒకటిన్నర సెంటీమీటర్లు అనుకుంటే దాదాపు 5,800 హెర్ట్జ్ వస్తుంది. శలో ఇరుకు వెనక్కి పోవడంతో ఆ చోటు పెరుగుతుంది. నాలుక కింద, కింది పళ్ల వెనక కొంత ఖాళీ ఏర్పడితే అదీ కలుస్తుంది. మొత్తం మూడు సెంటీమీటర్లయితే 2,900 హెర్ట్జ్. అసలు నోరు ఇంత సూటి గొట్టం కాదు, మనిషికీ మనిషికీ కొలతలు మారతాయి. అయినా స పదునుగా, శ బొంగురుగా వినిపించడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. పెదవులు ముందుకు సాగితే ఆ చోటు ఇంకా పొడుగవుతుంది. ‘సీత’, ‘సూది’ అనే మాటల మొదటి స్‌లను పక్కపక్కన సాగదీసి వినండి, రెండోది కొంచెం కిందికి దిగుతుంది.

పాత టెలిఫోన్ లైన్లు సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా మాత్రమే మోసేవి. శ బలం కొంతైనా ఆ గీత లోపల పడేది, స బలం చాలావరకు బయటే ఉండిపోయేది. ఫోనులో పేరు చెబితే స, ఫ కలగలిసిపోవడం అందుకే. వయసుతో పై ధ్వనుల వినికిడి తగ్గినవారికీ ముందుగా జారిపోయేవాటిలో స ఒకటి.

ష మాటకొస్తే, మనలో చాలామంది దాన్ని విడిగా శలాగే పలుకుతారు. ‘కష్టం’లో మాత్రం పక్కనున్న ట వల్ల నాలుక కొస తనంతట తానే పైకి మడుస్తుంది. మన ద్రావిడ కుటుంబానికే చెందిన నీలగిరుల తోడా భాషలో ఇలాంటి ధ్వనులు నాలుగు వేర్వేరుగా ఉన్నాయని ధ్వని శాస్త్రవేత్తలు నమోదు చేశారు. మన భాషలో స నుంచి శ పుట్టిన దాఖలా రోజూ మాట్లాడే క్రియల్లోనే ఉంది. ‘చేసినాడు’ కుదించుకుపోయి ‘చేశాడు’ అయింది. ‘ఇ’ కోసం నాలుక నడుము పైకి లేచింది. ఆ ‘ఇ’ తర్వాత రాలిపోయినా నాలుక ఉబ్బు మాత్రం హల్లులో నిలిచిపోయింది.

ఇక ‘శివుడు’ను ‘సివుడు’ అనేవారి సంగతి. దీన్ని నాలుక మందం అనడం తప్పు. అది ఇంట్లో, ఊళ్లో విన్న పలుకుబడి. ‘చిలక’ను చిలకగానే పలికేవారి నోట్లో శ ఇప్పటికే ఉంది. వార్తలు చదవడానికో, పద్యం పాడడానికో శ కావాలనుకుంటే ఇలా చేయొచ్చు. ‘ఇ’ని పొడుగ్గా అంటూ, గొంతు ఆపి, నాలుకను అక్కడే ఉంచి గాలి గట్టిగా ఊదాలి. నాలుక కొస కింది పళ్ల వైపు వాలి ఉండాలి. బుసబుసమంటూ మెత్తటి శ మొదలవుతుంది. అది నిలిచాక ‘శ్శ్–ఇవుడు’ అని కలపాలి. నాలుక అంగిలికి పూర్తిగా తగిలితే అది చ అవుతుంది, కాస్త దించాలి. చప్పుడు ఈలలా సన్నగా ఉంటే గాడి ఇంకా ఇరుకుగానే ఉందన్నమాట, నాలుకను వెడల్పుగా పరచాలి. పెదవులు మాత్రమే గుండ్రంగా చుడితే వచ్చేది బొంగురు స, శ కాదు.

పిల్లల విషయంలో మాత్రం ఒక తేడా గుర్తించండి. పళ్లు ఊడి స చెదిరితే కొత్త పళ్లు వచ్చేదాకా చూడొచ్చు. నాలుక అంచులు మూసుకోక గాలి బుగ్గల పక్కనుంచి తడితడిగా పోతుంటే అది సాధారణంగా తనంతట తాను సర్దుకోదు. స్స్ అనమని ముందు పళ్ల ఎదుట, నడిమధ్యన ఒక స్ట్రా కొస పెట్టి చూడండి. గాలి అక్కడ తగలకుండా పక్కల తగులుతుంటే ఆలస్యం చేయకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.