వేసిన రాణిని తీయడం మరిచిపోతే

చదరంగం బల్ల మీద ఎనిమిది రాణుల్ని నిలబెట్టాలి. ఏ రెండూ ఒకదాన్నొకటి కొట్టే స్థితిలో ఉండకూడదు. రాణి అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఎంత దూరమైనా పోగలదు కాబట్టి ఏ వరసలోనూ, ఏ ఐమూలలోనూ రెండు రాణులు పడకూడదన్నమాట. 1848లో మాక్స్ బెట్సెల్ అనే జర్మన్ చదరంగ ప్రియుడు ఒక పత్రికలో ఈ చిక్కుముడి వేశాడు. రెండేళ్ళకు ఫ్రాంజ్ నాక్ అనే ఆయన మొత్తం 92 జవాబులు ప్రకటించాడు. ఆ సంఖ్య ఇప్పటికీ అంతే.

ఇవాళ కంప్యూటర్ సైన్స్ చదివే మన పిల్లలకు ఇది రికర్షన్ అసైన్‌మెంట్‌గా ఎదురవుతుంది. ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటూ పని ముగించడాన్ని రికర్షన్ అంటారు. ఆ ముక్క చాలామందికి తొందరగానే ఒంటబడుతుంది. ఈ అసైన్‌మెంట్ అసలు పరీక్షించేది వేరే రెండు విషయాలను. పనికిరాని దారిని ఎంత ముందుగా వదిలేస్తున్నాం? వదిలేసి వెనక్కి వచ్చేటప్పుడు బల్లను మునుపటిలా ఉంచుతున్నామా? మొదటిది ప్రూనింగ్, రెండోది బ్యాక్‌ట్రాకింగ్. చేత్తో ఒకసారి చేసి చూస్తే రెండూ ఎక్కడెక్కడ ఉన్నాయో కనిపిస్తాయి.

ఒక్కో అడ్డు వరసలో ఒక్కటే రాణి ఉండాలి కనుక వరసకొకటి చొప్పున పెట్టుకుంటూ పోదాం. గడుల్ని ఎడమ నుంచి 1 నుంచి 8 దాకా లెక్కపెడదాం. మొదటి వరసలో 1వ గడిలో పెట్టాం. రెండో వరసలో 1 కుదరదు, నిలువుగా పైన రాణి ఉంది. 2 కూడా కుదరదు, ఐమూలగా తగులుతుంది. 3 బాగుంది, అక్కడ పెట్టాం. ఇలాగే దిగుతూ పోతే మూడో వరసలో 5, నాలుగో వరసలో 2, అయిదో వరసలో 4 దొరుకుతాయి. ఆరో వరసకు వచ్చేసరికి ఆట ఆగిపోతుంది. 1 నుంచి 5 దాకా నిలువు వరసలన్నీ ఇప్పటికే నిండాయి. 6వ గడి మొదటి వరస రాణికి, 7వ గడి రెండో వరస రాణికి, 8వ గడి మూడో వరస రాణికి ఐమూలగా తగులుతాయి.

అలాగని బల్లంతా ఖాళీ చేసి మొదటికి రానక్కర్లేదు. ఒక్క మెట్టు వెనక్కి వెళ్ళి అయిదో వరస రాణిని 4 నుంచి తీసి, తరవాతి గడులు చూస్తాం. 8వ గడిలో కుదురుతుంది. మళ్ళీ ఆరో వరసకు వస్తే ఇప్పుడు ఖాళీ నిలువు వరసలు 4, 6, 7 మాత్రమే. 4కు నాలుగో వరస రాణి అడ్డు, 6కూ 7కూ ఇందాకటి అడ్డంకులే. మళ్ళీ వెనక్కి. అయిదో వరసలో ఇక గడులు లేవు కాబట్టి ఈసారి నాలుగో వరస రాణినే కదపాలి. ఇలా దిగుతూ, ఎక్కుతూ పోతే మొదటి జవాబు 1, 5, 8, 6, 3, 7, 2, 4 అని దొరుకుతుంది. అక్కడికి చేరేలోపు 876 సార్లు ఒక గడిని పరీక్షిస్తాం, 113 సార్లు రాణిని పెడతాం, 105 సార్లు తీసేస్తాం. పెట్టినవాటిలో ఎనిమిది తప్ప మిగిలినవన్నీ తీసేసినవే. ఈ పద్ధతిలో తీసేయడం ఎంత పెద్ద పనో ఆ లెక్కలోనే ఉంది.

ప్రోగ్రామ్‌లో ఒక గడికి దెబ్బ తగులుతుందో లేదో ఎలా తెలుస్తుంది? ముందు పెట్టిన రాణులన్నిటితో ఒక్కొక్కటిగా పోల్చవచ్చు గానీ ఇంకా సులువైన దారి ఉంది. ఒక వైపు వాలిన ఐమూలలో ఉన్న గడులన్నిటికీ వరస సంఖ్య, నిలువు సంఖ్య కలిపితే ఒకే మొత్తం వస్తుంది. రెండో వైపు వాలిన ఐమూలలో తేడా ఒకటే ఉంటుంది. పైన దొరికిన జవాబుకే ఇది చూద్దాం. 1, 5, 8, 6, 3, 7, 2, 4లకు వరసగా 1 నుంచి 8 కలిపితే 2, 7, 11, 10, 8, 13, 9, 12 వస్తాయి. ఒక్కటి కూడా రెండోసారి రాలేదు. తేడాలు తీసినా అంతే. ఎనిమిది సంఖ్యల్ని ఇలా కూడిక పరీక్షకు నిలబెట్టవచ్చని 1850లోనే గణితవేత్త గౌస్ తన స్నేహితుడు షూమాకర్‌కు రాసిన ఉత్తరాల్లో వివరించాడు. కంప్యూటర్ ఊహలో కూడా లేని రోజుల్లో ఆయన వాడిన కిటుకే ఇవాళ్టి ప్రోగ్రామ్‌లో మూడు చిన్న పట్టికలుగా కూర్చుంది.

```python
def place(r):
    if r == 8:
        solutions.append(queens[:])
        return
    for c in range(8):
        if col[c] or up[r+c] or down[r-c+7]:
            continue
        col[c] = up[r+c] = down[r-c+7] = True
        queens.append(c)
        place(r + 1)
        queens.pop()
        col[c] = up[r+c] = down[r-c+7] = False
```

ఇక్కడ లెక్క 0 నుంచి 7 దాకా నడుస్తుంది. `col` ఎనిమిది గడుల పట్టిక, `up`, `down` ఒక్కోటీ పదిహేను గడులవి, మొదట్లో అన్నిటిలోనూ `False` ఉంటుంది. `queens`, `solutions` ఖాళీ జాబితాలుగా మొదలవుతాయి. తేడా సున్నా కంటే కిందికి పోకుండా 7 కలిపాం. `place(0)` అని పిలిస్తే పని మొదలవుతుంది. `place(r + 1)` అన్న పిలుపుకు పైనున్న రెండు లైన్లనూ కిందనున్న రెండు లైన్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. పైన ఏం చేశామో కింద అదే తిరగేసి చేస్తున్నాం. పైన గుర్తు పెట్టి రాణిని చేర్చాం, కింద రాణిని తీసి గుర్తు చెరిపాం.

ఆ చివరి లైన్ మరిచిపోతే ఏమవుతుందో చూడటానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. నిలువు వరసకు ఒకసారి గుర్తు పడితే ఇక చెరగదు కాబట్టి మొత్తం ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఎనిమిది సార్లకు మించి రాణిని పెట్టడమే కుదరదు. మనం నడిచిన దారిలోనే వెళ్తే అయిదు వరసల్లో 1, 3, 5, 2, 4 పడతాయి. తరవాత అయిదో వరసలో 8, మూడో వరసలో 7, చివరికి మొదటి వరసలో 6 పడతాయి. ఎనిమిదీ అయిపోయాయి. ఆరో వరసలోకి ఒక్క రాణి కూడా చేరలేదు, ప్రోగ్రామ్ ఏ గొడవా చెయ్యకుండా 0 అని చెప్పి ముగుస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. అందుకే విద్యార్థి గంటల తరబడి ఐమూల సూత్రాన్ని తిరగా మరగా చూసుకుంటాడు, అది మొదటి నుంచీ సరిగ్గానే ఉన్నా. జవాబు సున్నా వస్తే ముందుగా చూడాల్సింది చెరిపే లైన్‌నే.

ఇంకో తప్పు ఇంతకంటే గడుసుది. `queens[:]` అనడానికి బదులు `queens` అని రాస్తే లెక్క సరిగ్గా 92 అనే వస్తుంది, కానీ జవాబులు అచ్చు వేస్తే 92 ఖాళీ జాబితాలు కనిపిస్తాయి. దాచింది జవాబు నకలును కాదు, ఆ ఒకే ఒక్క జాబితాను 92 సార్లు. వెనక్కి వస్తూ రాణుల్ని తీసేశాం కనుక చివరికి అది ఖాళీ అయిపోయింది. ఇక్కడ తీసేయడం సక్రమంగానే జరిగింది, నకలు తీయకపోవడం వల్ల జవాబు కూడా దానితో పాటే చెరిగిపోయింది.

ఇక ప్రూనింగ్ సంగతి. కొందరు ఎనిమిది వరసలూ నింపేశాక, అంటే `r == 8` దగ్గర, రాణులు కొట్టుకుంటున్నాయా అని చూస్తారు. జవాబు 92 అనే వస్తుంది, మార్కులు కూడా పడవచ్చు. కానీ ఆ ప్రోగ్రామ్ 1,67,77,216 బల్లల్ని పూర్తిగా నింపి చూస్తుంది, ఫంక్షన్‌ను 1,91,73,961 సార్లు పిలుస్తుంది. అదే పరీక్షను రాణిని పెట్టే ముందుకు జరిపితే పిలుపులు 2,057కు పడిపోతాయి. రాసిన లైన్లు దాదాపు అవే, పరీక్ష చోటు మాత్రమే మారింది.

అంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి రెండు వరసల్లో 1, 2 అని పెట్టామనుకోండి. ఆ రెండు రాణులు అప్పటికే కొట్టుకుంటున్నాయి. కింది ఆరు వరసల్ని ఎలా నింపినా ఆ తప్పు పోదు. అలా నింపే తీరులు 2,62,144. పొలంలో గడ్డి మొలకలోనే పీకినట్టు, ఆ ఒక్క `continue` వాటన్నిటినీ పుట్టకముందే ఆపేస్తుంది. ఆరో వరస దగ్గర తగిలిన అడ్డంకి మిగిల్చింది 512 బల్లల్నే. ఎంత పైన కత్తిరిస్తే లాభం అంత ఎక్కువ.

విద్యార్థులు తమ ప్రోగ్రామ్‌లో పిలుపుల్ని లెక్కపెట్టే ఒక చిన్న కౌంటర్ పెట్టుకోవాలని నా అభిప్రాయం. 92, 2,057 రెండూ కలిసి వస్తే ప్రూనింగ్, బ్యాక్‌ట్రాకింగ్ రెండూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. 92 వచ్చి పిలుపులు లక్షల్లో ఉంటే పరీక్ష ఆలస్యంగా జరుగుతోంది. ఇంకా నమ్మకం కావాలంటే జవాబుల్ని మొదటి రాణి ఉన్న గడిని బట్టి విడదీయండి. 1వ గడికి 4, 2వ గడికి 8, 3వ గడికి 16, 4వ గడికి 18 రావాలి. అక్కడి నుంచి అవే అంకెలు తిరగేసి వస్తాయి, ఎందుకంటే ఏ జవాబునైనా అద్దంలో చూపితే అదీ జవాబే. ఇది తెలిస్తే మొదటి వరసలో ఎడమ సగం మాత్రమే వెతికి, వచ్చిన 46ను రెట్టింపు చేస్తే చాలు. అదీ ఒక రకం ప్రూనింగే.

ఈ కత్తిరింపుకూ ఒక హద్దు ఉంది. వట్టిపోయే కొమ్మల్ని నరకవచ్చు గానీ కాయలున్న కొమ్మను నరకలేం. అన్ని జవాబులూ లెక్కించాలంటే ప్రతి జవాబు దగ్గరికీ, లేదా కనీసం దాని అద్దం ప్రతి దగ్గరికీ వెళ్ళాల్సిందే. బల్ల పెద్దదయ్యే కొద్దీ జవాబులు విపరీతంగా పెరుగుతాయి. ఎనిమిదికి 92, తొమ్మిదికి 352, పదికి 724. జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో 27 రాణుల లెక్క ముగించారు. బల్ల అంచుల్లోని రాణుల్ని ముందే నిలబెట్టి, పనిని ముక్కలు చేసి, దీనికోసమే మలిచిన హార్డ్‌వేర్ మీద నడిపించారు. వచ్చిన జవాబు 234907967154122528, పద్దెనిమిది అంకెల సంఖ్య.