మసి ఎక్కడ ఆగుతుంది, రాయి ఎక్కడ మొదలవుతుంది?

1938 సెప్టెంబరులో ఒకరోజు, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ జాన్ ఫోర్స్‌డైక్ శిల్పాలు శుభ్రం చేసే గదిలోకి వెళ్లారు. అక్కడి బల్ల మీద ఆయనకు రాగి పనిముట్లు కనిపించాయి. పనివాళ్లు వాటితోనూ, గరుకైన కార్బోరండంతోనూ గీకుతున్నవి ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి నుంచి తెచ్చిన పాలరాతి శిల్పాలు. వాటి వయసు దాదాపు 2,400 ఏళ్లు. వాటికోసం కొత్త గ్యాలరీకి డబ్బిస్తున్న లార్డ్ డువీన్‌కు అవి తెల్లగా మెరవాలని పట్టుదల. పని ఆపించేసరికే చాలా శిల్పాల మీద తేనెరంగు పైపొర లేచిపోయింది. చంద్రదేవత సెలీనీ రథానికి కట్టిన గుర్రం తల కూడా దెబ్బతింది. పోయిన ఆ పొరను మళ్లీ తెచ్చే మార్గం లేదు.

అసలు ఈ మురికి ఎలా పుడుతుందో తెలిస్తేనే ఆ నష్టం ఎంతటిదో అర్థమవుతుంది.

పాలరాయి, సున్నపురాయి రెండూ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. బొగ్గు, చమురు పొగలోని గంధకపు వాయువు తేమతో కలిసి రాయిని తాకితే రాతి పైభాగం జిప్సంగా మారుతుంది. వాన నేరుగా పడే చోట ఆ జిప్సం కరిగి కొట్టుకుపోతుంది. అక్కడ గోడ తెల్లగానే ఉంటుంది కానీ ఏటా కొంచెం అరిగిపోతూ ఉంటుంది. చూరు కింద, శిల్పాల మడతల్లో వాన తగలదు కాబట్టి జిప్సం అక్కడే పేరుకుని, గాలిలోని మసిని పట్టుకుని నల్లటి పెచ్చు కడుతుంది. అంటే ఆ నలుపులో కొంత భాగం ఒకప్పటి రాయే. దాన్ని బలవంతంగా ఊడదీస్తే కింద వదులైన రాతి రేణువులు కూడా వెంట వచ్చేస్తాయి.

అన్నిటికన్నా తేలికైనది నీటి పద్ధతి. జిప్సం నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది కాబట్టి గోడ మీద సన్నటి తుంపర గంటల తరబడి పట్టి, మెత్తబడిన మసిని మెత్తని బ్రష్షుతో తీస్తారు. అయితే నీరు అతుకుల్లోంచి లోపలికి దిగితే రాళ్లను పట్టి ఉంచిన ఇనుప బద్దెలు తుప్పు పట్టి ఉబ్బి, రాయిని పగలగొడతాయి. గోడలోని లవణాలు నీటితో పైకి వచ్చి తెల్లగా పూస్తాయి కూడా. వేగం కోసం ఒత్తిడి పెంచితే నీరే రాతిని కోసేస్తుంది.

నీటిని అదుపులో పెట్టే ఉపాయమే మట్టిపూత. ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ తాజ్ మహల్. పసుపెక్కిన పాలరాతి మీద భారత పురావస్తు శాఖ 1994 నుంచి పలుమార్లు ముల్తానీ మట్టి పూయించింది. తడి ముద్దను పలుచగా పట్టించి, త్వరగా ఆరిపోకుండా ప్లాస్టిక్ కాగితం కప్పుతారు. ముద్దలోని తడి రాతి రంధ్రాల్లోని మురికిని కరిగిస్తుంది, మట్టి ఆరుతూ ఆ మురికిని తనలోకి లాక్కుంటుంది. తర్వాత ఎండిన మట్టిని తీసేసి శుద్ధమైన నీటితో కడుగుతారు. చుట్టూ గాలి మారకపోతే మాత్రం కొన్నేళ్లకే మళ్లీ పూయాల్సి వస్తుంది, పూసి కడిగిన ప్రతిసారీ రాయికి కాస్త ఒరిపిడి తప్పదు.

మూడోది లేజర్. వెనిస్‌లో 1970ల మొదట్లో అమెరికన్ శాస్త్రవేత్త జాన్ ఆస్మస్ దీన్ని రాతి మీద ప్రయోగించి చూశారు. నల్లని మసి కాంతిని బాగా పీల్చుకుంటుంది, తెల్లని రాయి చాలావరకు తిప్పికొడుతుంది. అందుకే తగినంత శక్తితో సెకనులో వందకోట్ల వంతులు కొన్నింటిపాటే కిరణం వదిలితే మసి వేడెక్కి ఎగిరిపోతుంది, రాయి దగ్గరికి వచ్చేసరికి దాని ప్రభావం దానంతటదే తగ్గిపోతుంది. శక్తి హద్దు దాటితే మాత్రం రాయి కూడా దెబ్బతింటుంది. రాయికి పూర్వకాలపు రంగులు అంటి ఉంటే అవి అంతకన్నా ముందే నల్లబడవచ్చు.

ఈ లేజర్‌ను ఏథెన్స్ నిపుణులు వాడిన తీరు 1938 నాటి పనికి పూర్తిగా భిన్నం. పార్థినాన్ పడమటి వైపున్న శిల్పాల వరుసను 1993లో గుడి నుంచి దించి, 2002–2005 మధ్య శుభ్రం చేశారు. ముందు చిన్న చిన్న భాగాల్లో వేర్వేరు పద్ధతులు పరీక్షించి పోల్చి చూశారు. పరారుణ కిరణం ఒక్కటే వాడితే రాయి పసుపు రంగుకు తిరిగే ప్రమాదం కనిపించింది. క్రీట్ ద్వీపంలోని ఫోర్త్ పరిశోధన సంస్థతో కలిసి 1064 నానోమీటర్ల పరారుణ కిరణాన్ని, 355 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాన్ని తగిన పాళ్లలో ఒకేసారి వదిలితే ఆ పసుపు రాలేదు.

ఎక్కడ ఆపాలో కూడా వాళ్లు ముందే తేల్చుకున్నారు. మసి కింద నారింజ, గోధుమ ఛాయల్లో రెండు పలుచని పాత పొరలున్నాయి. శిల్పుల ఉలి గుర్తులు నిలిచి ఉన్నది ఆ పొరల కిందే. వాటిని తాకకుండా మసి వరకే తీశారు.

అతిగా తోమిన రాయిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పక్కనుంచి వాలుగా దీపం వేస్తే ఉలి గాట్లు అరిగి, అంచులు గుండ్రబడి కనిపిస్తాయి. వేలితో రాస్తే పంచదారలా రేణువులు రాలతాయి. చుక్క నీరు వేస్తే పక్క రాయి కన్నా త్వరగా ఇంకిపోతుంది. అలా గరుకెక్కిన గోడ మురికిని మునుపటి కన్నా వేగంగా పట్టుకుంటుంది. అందుకే ఏ పాత గోడ శుభ్రం చేయడానికి పూనుకున్నా, కనపడని మూల అరచేయంత చోట ప్రయత్నించి, అది పూర్తిగా ఆరాక ఈ మూడు పరీక్షలూ చేసి చూసిన తర్వాతే మిగతా గోడ జోలికి వెళ్లాలి.