ఇరవై నాలుగు పదాల వారసత్వం

2018 డిసెంబరులో కెనడాకు చెందిన 30 ఏళ్ల గెరాల్డ్ కాటెన్ జైపూర్‌లోని ఒక ఆసుపత్రిలో చనిపోయాడు. క్వాడ్రిగా అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ అతనిది. చావుకు పన్నెండు రోజుల ముందే వీలునామా రాశాడు, అందులో తన పెంపుడు కుక్కల పోషణకు కూడా లక్ష డాలర్లు కేటాయించాడు. ఖాతాదారుల సొమ్మున్న వాలెట్ల పాస్‌వర్డ్ మాత్రం ఎక్కడా లేదు. అది తనకూ తెలియదని భార్య కోర్టుకు చెప్పింది. దాదాపు 76 వేల మంది ఖాతాదారులు లబోదిబోమన్నారు.

క్రిప్టో వారసత్వం మాట వస్తే ఈ కథ తప్పక చెబుతారు, కాకపోతే సగమే చెబుతారు. కోర్టు నియమించిన ఆడిటర్లు ఆరు వాలెట్లను గుర్తించారు. వాటిలో ఐదు 2018 ఏప్రిల్ నుంచే ఖాళీ. సొమ్మును కాటెన్ బతికుండగానే సొంత ట్రేడింగులో పోగొట్టాడని ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ 2020లో తేల్చింది. అంటే పాస్‌వర్డ్ దొరికినా ఒరిగేదేమీ లేదు.

పాస్‌వర్డ్ లేకుండానే వాలెట్లు ఖాళీ అని ఆడిటర్లకు ఎలా తెలిసింది? బిట్‌కాయిన్ లెక్కల పుస్తకం లోకానికంతా కనిపిస్తుంది. చిరునామా తెలిస్తే అందులో ఎంతుందో ఎవరైనా చూడొచ్చు. కదిలించడానికి మాత్రం రహస్య కీ కావాలి. చూపుకూ చేతికీ ఉన్న ఈ తేడాలోనే వారసత్వానికి దారి ఉంది. వాలెట్ చిరునామాలను భార్యాపిల్లలకు ముందే ఇచ్చేస్తే, ఉన్నదెంతో వాళ్లకు తెలుస్తుంది, ఒక్క రూపాయి కూడా కదలదు.

కూకట్‌పల్లిలో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, ఊళ్లో తల్లి. కొంత బిట్‌కాయిన్ మన దేశపు ఎక్స్ఛేంజ్‌లో ఉంది, మరికొంత బీరువాలో పెన్‌డ్రైవ్‌లా కనిపించే హార్డ్‌వేర్ వాలెట్‌లో ఉంది. వీలునామా లేదు. ఒక రోజు రోడ్డు ప్రమాదంలో పోయాడు.

ఇంట్లో వాళ్లు తెలియక ముందుగా చేసే తప్పు ఫోన్‌తోనే. కర్మకాండలు కాగానే సిమ్ తీసేసి, ఫోన్ ఫార్మాట్ చేసి పెద్దబ్బాయికి ఇచ్చేస్తారు. ఏయే ఖాతాలున్నాయో చెప్పే మెయిళ్లు, మెసేజ్‌లు ఉన్నది అందులోనే. పైగా ప్రీపెయిడ్ నంబరులో బ్యాలెన్స్ లేకుండా, వాడకుండా 90 రోజులు గడిస్తే అది రద్దయి, కొన్నాళ్లకు ముక్కూమొహం తెలియని వ్యక్తికి వెళ్లిపోతుంది. కాబట్టి రీచార్జ్ చేస్తూ ఉండాలి, వీలైతే నంబరును వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి. అయితే ఆ నంబరుకు వచ్చే ఓటీపీతో పోయినవారి ఖాతాలోని సొమ్ము తీయడం వేరే సంగతి. రేపు మిగతా వారసులు నిలదీస్తే సమాధానం చెప్పుకోవాల్సింది భార్యే.

ఎక్స్ఛేంజ్‌లో ఉన్న బిట్‌కాయిన్ తెచ్చుకోవడం ఆలస్యమయ్యే పనే గానీ అసాధ్యం కాదు. అక్కడ కీ కంపెనీ దగ్గర ఉంటుంది. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వారసుల కేవైసీ పెట్టి అడగాలి. మొత్తం పెద్దదైతే సివిల్ కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మంటారు. ఇక్కడే ఇంటి తగాదా మొదలవుతుంది. వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి ఆస్తిలో భార్యకూ పిల్లలకూ తల్లికీ సమాన వాటా. నామినీగా భార్య పేరు ఉన్నా సరే, కంపెనీ షేర్ల విషయంలో నామినేషన్‌తో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. క్రిప్టోకు వేరే దారి ఉంటుందని ఆశపడటానికి కారణం కనిపించదు. అది కూడా ఆస్తేనని మద్రాసు హైకోర్టు 2025లో చెప్పింది.

బీరువాలోని పరికరం దగ్గర మాత్రం కోర్టు కాగితాలు పనిచేయవు. కంపెనీని అడిగితే తాము చేయగలిగింది ఏమీ లేదంటుంది, అది నిజం కూడా. లెడ్జర్ లాంటి పరికరంలో పిన్ మూడుసార్లు తప్పు కొడితే అంతా చెరిగిపోతుంది. భయపడాల్సింది ఆ చెరిగిపోవడం గురించి కాదు. సొమ్ము పరికరంలో ఉండదు. మొదటిసారి వాలెట్ తెరిచినప్పుడు అది 12 లేదా 24 ఇంగ్లిష్ పదాలు చూపించి రాసుకోమంటుంది. ఆ పదాలే అసలు కీ. పరికరం పోయినా, విరిగినా, కొత్తది కొని అవే పదాలను అదే వరుసలో కొడితే అంతా తిరిగి వస్తుంది. పదాల కాగితం చిత్తు కాగితాల్లో పోతే మాత్రం ఇక అంతే.

ఇంకో చిక్కు ఉంది. కొందరు ఈ పదాలకు తోడు తమకు మాత్రమే తెలిసిన అదనపు పాస్‌ఫ్రేజ్ పెట్టుకుంటారు. అది తప్పు కొడితే వాలెట్ ‘తప్పు’ అని చెప్పదు, వేరే ఖాళీ వాలెట్‌ను తెరిచి చూపిస్తుంది. సున్నా చూసిన వారసులు డబ్బు లేదనుకుని లేచిపోతారు. చిరునామాల జాబితా చేతిలో ఉంటే అనుమానం అక్కడే తీరుతుంది. అక్కడ సొమ్ము కనిపిస్తూ, ఇక్కడ సున్నా ఉందంటే పాస్‌ఫ్రేజ్ వెతకాలన్నమాట.

మరి బతికుండగా అతను ఏం చేసి ఉండాల్సింది? మూడు వేర్వేరు కాగితాలు. మొదటిది వీలునామా. తన క్రిప్టో, ఆన్‌లైన్ ఖాతాలు ఎవరికి చెందాలో రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి. సాఫ్ట్‌వేర్ మనుషులకు ఇది వింతగా ఉంటుంది గానీ, మన ఐటీ చట్టం వీలునామాలను తన పరిధిలోంచి తప్పించింది, కాబట్టి మెయిల్లో రాసి డిజిటల్ సంతకం పెడితే చెల్లదు. రెండోది ఆచూకీ కాగితం: ఏ ఎక్స్ఛేంజ్, ఏ మెయిల్, పరికరం ఎక్కడుంది, పాస్‌ఫ్రేజ్ ఉందా లేదా, చిరునామాలు ఏవి. ఇది భార్య దగ్గరే ఉండొచ్చు. మూడోది పదాల కాగితం. దాన్ని వీలునామాలో ఎప్పుడూ రాయకూడదు, ఆ పత్రం లాయరు నుంచి కోర్టు దాకా ఎన్నో చేతులు మారుతుంది. ఫొటో తీసి ఫోన్‌లో పెట్టడమూ అంతే ప్రమాదం. సీల్ చేసి బ్యాంకు లాకరులో పెట్టడం చాలా కుటుంబాలకు సరిపోతుంది, లాకరుకు నామినీ ఉండాలి సుమా.

పదాలను సగం భార్యకూ సగం తమ్ముడికీ పంచడం తెలివైన పనిగా అనిపిస్తుంది. ఒక్క సగం పోతే మొత్తం పోయినట్టేనని అప్పుడు గుర్తు రాదు. మొత్తం పెద్దదైతే మూడు కీలలో ఏ రెండు కలిసినా తెరుచుకునే మల్టీసిగ్ వాలెట్ మేలు. ఏది చేసినా ఒకసారి పరీక్షించి తీరాలి. వాలెట్లో కొద్ది మొత్తమే ఉన్నప్పుడు పరికరాన్ని కావాలనే చెరిపి, కాగితం చూసి భార్యే పదాలు కొట్టి తిరిగి తెప్పించాలి. రాసుకోవడంలో దొర్లిన స్పెల్లింగు తప్పు అప్పుడే బయటపడుతుంది. ఆ పదాలను పరికరంలో తప్ప ఏ వెబ్‌సైట్‌లోనూ, సాయం చేస్తామని ఫోన్ చేసేవాళ్లకూ ఇవ్వకూడదని కూడా ఆమెకు ఆ రోజే చెప్పాలి.

మెయిల్, ఫొటోల సంగతి ఇంత కష్టం కాదు. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే సెట్టింగు ఉంది. 3 నుంచి 18 నెలల మధ్య ఎంతకాలం ఖాతా కదలకపోతే, ఎవరికి ఏమివ్వాలో ముందే చెప్పొచ్చు. ఏమీ చెప్పకపోతే రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ పెడితే ఫొటోలు, నోట్సు వస్తాయి. దాచుకున్న పాస్‌వర్డ్‌లు మాత్రం రావు.

చివరగా పన్ను. వారసత్వంగా వచ్చినప్పుడు ఆ భార్య కట్టాల్సిందేమీ లేదు. అమ్మిన రోజున లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్సు పడుతుంది. లాభం లెక్కకు భర్త కొన్న ధరే ఆధారం. ఆ రుజువు ఆయన మెయిల్లోనో, ఎప్పుడో మూతపడిన ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్లోనో ఉంటుంది. అందుకే కొనుగోలు స్టేట్‌మెంట్లను ఏటా ప్రింటు తీసి ఆచూకీ కాగితానికి జతచేయాలి.